కాకినాడ మీది తుపానును రెండు రాడార్లు ఎలా చూస్తాయి? ఎక్కడ చూడలేవు?

తుపాను వస్తోందంటే చాలు, కాకినాడలో ఫోన్లన్నీ రంగురంగుల బొమ్మలతో నిండిపోతాయి. నల్లటి తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మచ్చలు. "ఎరుపు మన మీదకే వస్తోంది" అని ఒకరు పంపిస్తారు. "ఎరుపు వెళ్ళిపోయింది, ఇక భయం లేదు" అని గంట తర్వాత ఇంకొకరు పంపిస్తారు. ఉప్పాడలో పడవను ఒడ్డు మీదకి ఎంత దూరం లాగాలి, కళ్ళంలో ఉన్న ధాన్యం మీద బరకాలు ఇప్పుడే కప్పాలా, జగన్నాథపురంలో పాత పెంకుటింట్లో ఉన్న పెద్దవాళ్ళని వేరేచోటికి తీసుకెళ్ళాలా అన్నది చాలామంది ఈ బొమ్మలు చూసే తేల్చుకుంటున్నారు. అందుకే ఆ బొమ్మలో ఏముందో, ఏం లేదో తెలుసుకోవడం అవసరం.

ముఖ్యంగా కాకినాడవాళ్ళకి అవసరం. ఎందుకో చూద్దాం.

మన మీదికి చూసే రాడార్లు రెండు

భారత వాతావరణ శాఖకి ఈ తీరంలో రెండు పెద్ద డాప్లర్ రాడార్లు ఉన్నాయి. ఒకటి విశాఖపట్నం కైలాసగిరి కొండ మీద, రెండోది మచిలీపట్నంలో. మ్యాప్ తీసి ఈ రెండు ఊళ్ళనీ కలుపుతూ స్కేలుతో గీత గీయండి. ఆ గీత దాదాపు కాకినాడ మీదుగానే పోతుంది. అంతేకాదు, కాకినాడ ఆ గీతకి ఇంచుమించు నట్టనడుమ ఉంటుంది. విశాఖ రాడార్ నుంచి సుమారు 145 కిలోమీటర్లు, మచిలీపట్నం రాడార్ నుంచీ సుమారు 145 కిలోమీటర్లే.

రెండు రాడార్ల మధ్యలో ఉన్నాం కాబట్టి రెండు కళ్ళతో చూస్తున్నట్టు, అంటే మనకి లాభమేనని అనిపిస్తుంది. వాన విషయంలో అది చాలావరకు నిజం. గాలి విషయంలో మాత్రం ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. ముందు వాన సంగతి చూద్దాం.

రాడార్ వానని ఎలా కొలుస్తుంది?

కొండ మీద తెల్లటి బంతిలాంటి గోపురం కనిపిస్తుంది కదా, దాని లోపల పెద్ద పళ్ళెం లాంటి యాంటెన్నా తిరుగుతూ ఉంటుంది. అది లక్షల వాట్ల బలంతో ఒక రేడియో తరంగాన్ని చాలా కొద్దిసేపు, సెకనులో పది లక్షల వంతుల లెక్కలో, ఒక్క దెబ్బలా వదులుతుంది. ఆ తర్వాత వదలడం ఆపి వింటుంది. తరంగం వెళ్ళి వాన చినుకులకి తగిలితే, అందులో అతి కొద్ది భాగం వెనక్కి తిరిగొస్తుంది.

తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్కగడతారు. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాకినాడ మీది మబ్బుని తాకి విశాఖకి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. యాంటెన్నా ఏ వైపుకి, ఎంత ఎత్తుకి తిరిగి ఉందో తెలుసు కాబట్టి మబ్బు ఏ దిక్కులో ఎంత ఎత్తున ఉందో కూడా తెలుస్తుంది. ఒక చుట్టు తిరిగాక యాంటెన్నా కాస్త పైకి లేస్తుంది, మళ్ళీ చుట్టూ తిరుగుతుంది. ఇలా మెట్టు మెట్టుగా పైదాకా వెళ్ళి, దాదాపు పది నిమిషాలకోసారి ఆకాశం మొత్తాన్ని చూసి ముగిస్తుంది. మన ఫోన్లో బొమ్మ మారేది అప్పుడే.

మన రాడార్ల తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. ఇంతకన్నా చిన్న తరంగంతో, ఉదాహరణకి 3 సెంటీమీటర్లతో, చవకగా చిన్న రాడార్ కట్టుకోవచ్చు. కానీ జడివానలోకి వెళ్ళేసరికి ఆ తరంగాన్ని ముందున్న వానే మింగేస్తుంది. వెనకాల ఇంకా పెద్ద వాన ఉన్నా తెర మీద ఖాళీగా కనిపిస్తుంది. తుపాను తీరంలో అది పనికిరాదు. అందుకే ఇక్కడ 10 సెంటీమీటర్ల రాడార్లు పెట్టారు.

ఇక వాన ఎంత జోరుగా ఉందన్నది వెనక్కి వచ్చిన తరంగం బలాన్ని బట్టి చెబుతారు. దాన్ని dBZ అనే లెక్కలో చూపిస్తారు. బొమ్మ పక్కన ఉండే రంగుల పట్టీ మీద 20, 30, 40, 50 అని ఉండే అంకెలు అవే. ఇది రిక్టర్ స్కేలు లాంటి లెక్క. 30 నుంచి 40కి వెళ్ళిందంటే మూడో వంతు పెరిగినట్టు కాదు, వెనక్కి వచ్చిన బలం పది రెట్లు పెరిగినట్టు.

ఎరుపు అంటే పెద్ద వాన అనే అర్థమా?

రాడార్ నేరుగా వానని కొలవదు. చినుకుల నుంచి వెనక్కి వచ్చిన బలాన్ని మాత్రమే కొలుస్తుంది. ఈ బలం చినుకు సైజు మీద విపరీతంగా ఆధారపడుతుంది. చినుకు వెడల్పు రెండు రెట్లు అయితే వెనక్కి వచ్చే బలం రెండు రెట్లు కాదు, 64 రెట్లు అవుతుంది. నాలుగు మిల్లీమీటర్ల పెద్ద చినుకు ఒక్కటి, ఒక మిల్లీమీటరు చినుకులు 4096 కలిస్తే ఎంత మెరుస్తాయో అంత మెరుస్తుంది. కానీ ఆ ఒక్క చినుకులో ఉన్న నీళ్ళు 64 చిన్న చినుకుల నీళ్ళతో సమానం, అంతే.

అంటే కొద్దిగా పెద్ద చినుకులు ఉన్న మబ్బు, బోలెడు చిన్న చినుకులు ఉన్న మబ్బు కన్నా ఎర్రగా కనిపించవచ్చు. కింద పడే నీళ్ళు మాత్రం రెండోదాంట్లోనే ఎక్కువ ఉండొచ్చు.

ఈ బలాన్ని వానగా మార్చడానికి ఒక సూత్రం వాడతారు. 1948లో మార్షల్, పామర్ అనే ఇద్దరు చినుకుల సైజుల మీద చేసిన పని నుంచి వచ్చిన సూత్రం చాలా ప్రసిద్ధి:

Z = 200 R^1.6

ఇందులో Z అంటే వెనక్కి వచ్చిన బలం, R అంటే గంటకి ఎన్ని మిల్లీమీటర్ల వాన అన్నది. దీని ప్రకారం 30 dBZ అంటే గంటకి మూడు మిల్లీమీటర్లలోపు చిన్న వాన. 40 అంటే గంటకి సుమారు 11 లేక 12 మిల్లీమీటర్లు. 50 అంటే సుమారు 49. 55కి వెళ్ళేసరికి గంటకి 100 మిల్లీమీటర్లు, అంటే కాలవలు పొంగే వాన.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సూత్రం అన్ని వానలకీ ఒకేలా సరిపోదు. సముద్రం మీది నుంచి తేమతో నిండుగా వచ్చే తుపాను వానలో చిన్న చినుకులు లెక్కలేనన్ని ఉంటాయి. అలాంటి వానలకని వేరే సూత్రం ఉంది:

Z = 250 R^1.2

అదే 40 dBZ ని ఈ సూత్రంలో వేస్తే గంటకి 21 లేక 22 మిల్లీమీటర్లు వస్తుంది. రంగు అదే, కానీ వాన దాదాపు రెట్టింపు. నవంబరులో తుపాను పూట తెర మీద "పసుపే కదా, ఎరుపు లేదు" అని ధైర్యంగా ఉన్న ఊళ్ళో ఐదారు గంటలు అదే పసుపు కదలకుండా నిలబడితే, 100 మిల్లీమీటర్లు దాటి పోతుంది. చేలు మునుగుతాయి.

దీనికి తలకిందుల కథ వేసవిలో జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాజమండ్రి వైపు సాయంత్రం పూట లేచే ఉరుముల మబ్బుల్లో వడగళ్ళు ఉంటాయి. తడిసిన వడగళ్ళు రాడార్‌కి పెద్ద పెద్ద చినుకుల్లా కనిపించి 55, 60 దాటించేస్తాయి. సూత్రం ప్రకారం ఊరు కొట్టుకుపోవాలి. నిజానికి పావుగంట దంచి వెళ్ళిపోతుంది. అందుకే 55 దగ్గరకి వస్తే వాతావరణ నిపుణులు వానతో పాటు వడగళ్ళని కూడా అనుమానిస్తారు.

ఏది నిజమో తేల్చేది నేల మీద పెట్టిన వానమాపకమే. మండలాల్లో పడిన వాన లెక్కలు వస్తున్నకొద్దీ రాడార్ లెక్కతో పోల్చి చూస్తారు. రెండూ పొంతన లేకపోతే నమ్మాల్సింది పాత్రలో పడిన నీళ్ళని.

145 కిలోమీటర్ల దూరంలో కిరణం ఎంత ఎత్తున ఉంటుంది?

రాడార్ కిరణాన్ని నేలకి సమాంతరంగా వదలరు. కొండలకి, భవనాలకి తగలకుండా కొద్దిగా పైకెత్తి, సాధారణంగా అర డిగ్రీ దగ్గర మొదలుపెడతారు. కిరణం ముందుకు పోతూ ఉంటే భూమి గుండ్రంగా ఉండటం వల్ల నేల దాని కింద నుంచి వంగిపోతూ ఉంటుంది. ఫలితంగా దూరం వెళ్ళేకొద్దీ కిరణం నేలకి పైపైకి పోతుంది.

విశాఖ నుంచి అయినా, మచిలీపట్నం నుంచి అయినా, అర డిగ్రీ కిరణం కాకినాడ చేరేసరికి దాని నడిమి భాగం నేలకి సుమారు రెండున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైగా కిరణం టార్చిలైటు వెలుగులా విచ్చుకుంటూ పోతుంది. ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం 145 కిలోమీటర్ల దూరంలో రెండున్నర కిలోమీటర్ల వెడల్పు అవుతుంది. అంటే జగన్నాథపురం మీద ఒక చుక్క రంగు చూపిస్తే, అది ఒక వీధి మీద చినుకుల సంగతి కాదు. ఊరంత వెడల్పున, నేలకి ఒక కిలోమీటరు పై నుంచి మూడున్నర కిలోమీటర్ల పైదాకా ఉన్న గాలి మొత్తానికి కలిపి ఒక సగటు.

దీనివల్ల మనకి రెండు నష్టాలు. కిలోమీటరు లోపల, కింద కిందనే పుట్టి కురిసే వాన రాడార్‌కి సరిగా అందదు. బయట తడుస్తూ ఉంటాం, తెర మీద దాదాపు ఖాళీ. రెండోది, రాడార్ చూపే గాలి వేగం మన ఇంటి కప్పు దగ్గరి గాలి కాదు, రెండున్నర కిలోమీటర్ల పైన వీచే గాలి. కింద చెట్లు, ఇళ్ళ రాపిడి వల్ల గాలి సాధారణంగా దానికన్నా తక్కువ ఉంటుంది.

అదే తుపాను రాడార్‌కి దగ్గరగా వస్తే సంగతి వేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. నర్సాపురం మచిలీపట్నం రాడార్ నుంచి 65 కిలోమీటర్ల దూరమే. అక్కడ అర డిగ్రీ కిరణం నేలకి ఒక కిలోమీటరు కన్నా తక్కువ ఎత్తులోనే ఉంటుంది. ఒకే రాడార్ నర్సాపురాన్ని ఒక ఎత్తులో, కాకినాడని మూడు రెట్ల ఎత్తులో చూస్తుందన్నమాట.

గాలి వేగం ఎలా తెలుస్తుంది?

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటిన తుపాను కోనసీమని తుడిచిపెట్టింది. వెయ్యి మందికి పైగా పోయారు. అప్పటికి కూడా విశాఖలో, మచిలీపట్నంలో తుపాను రాడార్లు ఉన్నాయి. కానీ అవి పాత తరం రాడార్లు. వాన కట్టలు ఎక్కడున్నాయో, నడిమి కన్ను ఎటు జరుగుతోందో చూపగలవు. లోపల గాలి ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పలేవు. మన దేశంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ మొదట 2002లో చెన్నైలో వచ్చింది. విశాఖ, మచిలీపట్నాలకి ఆ తర్వాత వచ్చాయి.

డాప్లర్ రాడార్ వెనక్కి వచ్చిన తరంగం బలాన్నే కాదు, అది తన ఎగుడు దిగుడుల్లో ఏ దశలో ఉందో కూడా చూస్తుంది. సెకనుకి 600 దెబ్బలు వదులుతోందనుకోండి. రెండు దెబ్బల మధ్య సమయంలో చినుకు కాస్త దూరం జరిగితే, రెండో తరంగం తిరిగొచ్చేటప్పుడు దశ మారి ఉంటుంది. ఎంత మారిందో చూస్తే చినుకు ఎంత జరిగిందో, అటు జరిగిందా ఇటు జరిగిందా తెలుస్తుంది. చినుకులు గాలితో పాటే కొట్టుకుపోతుంటాయి కాబట్టి అదే గాలి వేగం.

అయితే రాడార్‌కి తెలిసేది చినుకు తన వైపుకి వస్తోందా, తన నుంచి దూరంగా పోతోందా అన్నది మాత్రమే. అడ్డంగా ఎడమ నుంచి కుడికి పోయే గాలికి దూరం మారదు. దశ కూడా మారదు. రాడార్ దాన్ని "సున్నా" అని రాసుకుంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో కాకినాడకి ఇదే ముఖ్యం.

సుడిని ఎలా పట్టుకుంటారు?

ఒక్క గీత వెంటే చూడగలిగిన రాడార్, గుండ్రంగా తిరిగే గాలిని ఎలా కనిపెడుతుంది? పక్కపక్కన ఉన్న రెండు చోట్లని పోల్చి చూస్తుంది. మన అర్ధగోళంలో తుపాను గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. రాడార్ దగ్గర నిలబడి తుపాను వైపు చూస్తే, ఎడమ పక్క గాలి మన వైపుకి వస్తుంది, కుడి పక్క గాలి మన నుంచి దూరంగా పోతుంది. గాలి బొమ్మలో సాధారణంగా వచ్చే గాలికి ఆకుపచ్చ, నీలం లాంటి రంగులు, పోయే గాలికి ఎరుపు, పసుపు లాంటి రంగులు ఇస్తారు. కాబట్టి సుడి ఉన్న చోట రెండు రకాల రంగులు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని జంటగా కనిపిస్తాయి. ఈ రెండిటి మధ్య దూరం ఎంత తక్కువైతే, వేగాల తేడా ఎంత ఎక్కువైతే సుడి అంత గట్టిది.

అమెరికాలో 1973 మే 24న ఓక్లహోమాలోని యూనియన్ సిటీలో టోర్నడో వచ్చినప్పుడు, నార్మన్‌లోని పరిశోధన రాడార్ రికార్డుల్లో ఈ జంట గుర్తునే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇవాళ అక్కడ టోర్నడో హెచ్చరిక ఇవ్వడానికి మొదట చూసేది ఇలాంటి గుర్తునే. ఉరుముల మబ్బులో సుడి కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. టోర్నడో మాత్రం తరచు వంద, రెండు వందల మీటర్లే. కాకినాడ దగ్గర మన కిరణమే రెండున్నర కిలోమీటర్ల వెడల్పు. అందుకే ఉప్పుటేరు మీద నీటిని పైకి లేపే చిన్న సుడిగాలి ఈ రాడార్లలో కనపడదు. దాని వచ్చే గాలి, పోయే గాలి రెండూ ఒకే కిరణంలో కలిసిపోయి సగటు సున్నా దగ్గరకి వచ్చేస్తాయి. తుపాను సుడి మాత్రం పదుల కిలోమీటర్ల వెడల్పు కాబట్టి బాగా కనిపిస్తుంది.

పెథాయ్ ఉదాహరణ

2018 డిసెంబరు 17 మధ్యాహ్నం పెథాయ్ తుపాను యానాంకి కాస్త దక్షిణాన, కాకినాడకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. తర్వాత మళ్ళీ సముద్రపు అంచుకి జరిగి, బలహీనపడి, సాయంత్రం తుని దగ్గర రెండోసారి ఒడ్డెక్కింది. దాటే సమయానికి గాలి గంటకి సుమారు 80 కిలోమీటర్లు అనుకుందాం, అంటే సెకనుకి 22 మీటర్లు.

మచిలీపట్నం నుంచి ఆ చోటు సుమారు 124 కిలోమీటర్లు. అక్కడి నుంచి తూర్పు ఈశాన్యంగా చూస్తే ఎడమ పక్క, అంటే తుపానుకి ఉత్తరాన, గాలి తూర్పు నుంచి పడమరకి వీస్తూ రాడార్ వైపుకి వస్తుంది. దక్షిణాన దూరంగా పోతుంది. విశాఖ నుంచి చూస్తే సముద్రం పక్కన వచ్చే గాలి, నేల పక్కన పోయే గాలి. రెండు రాడార్ల జంటలూ ఒకే కేంద్రాన్ని చూపిస్తే కేంద్రం అక్కడే ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక్కడ ఒక పితలాటకం ఉంది. సెకనుకి 600 దెబ్బలు వదిలే 10 సెంటీమీటర్ల రాడార్ సెకనుకి 15 మీటర్ల దాకా వేగాన్నే తిన్నగా చదవగలదు. అది దాటితే దశ ఎంత తిరిగిందో అయోమయం అవుతుంది. సినిమాలో బండి చక్రం ముందుకు పోతూ వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అదే సంగతి. సెకనుకి 22 మీటర్లతో దూరంగా పోయే గాలి, 8 మీటర్లతో దగ్గరకి వస్తున్నట్టు కనిపిస్తుంది. పోయే గాలి రంగు మధ్యలో హఠాత్తుగా వచ్చే గాలి రంగు పడుతుంది. తెలియనివాళ్ళు దాన్ని చూసి "ఇంకో సుడి పుట్టింది" అంటారు.

దెబ్బల సంఖ్య పెంచితే వేగం హద్దు పెరుగుతుంది. కానీ దెబ్బల మధ్య సమయం తగ్గి, ఎంత దూరం చూడగలదో ఆ హద్దు తగ్గిపోతుంది. 600 దెబ్బలకి చూపు 250 కిలోమీటర్లు. 1200 దెబ్బలు చేస్తే వేగం హద్దు 30 మీటర్లకి పెరుగుతుంది, చూపు 125కి పడిపోతుంది. రెండూ ఒకేసారి దొరకవు. అందుకే రెండు రకాల వేగంతో, ఉదాహరణకి ఒకసారి 600, ఒకసారి 450 దెబ్బలు వదిలి, రెండు జవాబులనీ పోల్చి అసలు వేగం తేలుస్తారు. ఈ జతతో హద్దు సెకనుకి 45 మీటర్ల దాకా వెళ్తుంది. అయినా గాలి బాగా కలగాపులగంగా ఉన్న చోట అక్కడక్కడా తప్పు మచ్చలు మిగులుతాయి. ఎలా గుర్తుపట్టాలంటే, నిజమైన సుడిలో ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మధ్యలో సున్నా మీదుగా క్రమంగా వెళ్తుంది. మడత పడిన చోట గట్టి ఎరుపు పక్కనే గట్టి ఆకుపచ్చ, మధ్యలో సున్నా రంగు ఉండదు.

కాకినాడ గుడ్డి గీత

ఇప్పుడు మొదట గీసిన గీత దగ్గరకి వద్దాం. రెండు రాడార్లు వేర్వేరు కోణాల నుంచి చూస్తే, ఒకదానికి కనపడని అడ్డ గాలి రెండోదానికి కనిపిస్తుంది. రెండూ కలిపి అసలు గాలిని లెక్కగట్టొచ్చు. కాకినాడకి ఆగ్నేయంగా 80 కిలోమీటర్లు సముద్రంలోకి వెళ్తే ఇది చక్కగా కుదురుతుంది.

కాకినాడలో కుదరదు. మనం గీత మీదే ఉన్నాం. విశాఖ మనల్ని నైరుతి వైపుకి చూస్తుంది, మచిలీపట్నం ఈశాన్యం వైపుకి చూస్తుంది. ఒకే గీత మీద ఎదురెదురుగా చూస్తున్నాయి. ఒకటి "వస్తోంది" అంటే రెండోది "పోతోంది" అంటుంది, అంతే తేడా. కొత్త సంగతేమీ తెలియదు. గీతకి అడ్డంగా వీచే గాలి ఇద్దరికీ సున్నాయే.

ఆ అడ్డ గాలి ఏది? ఆగ్నేయం నుంచి, సముద్రం మీది నుంచి నేరుగా ఊరి మీదకి వచ్చేది.

లెక్క వేసి చూద్దాం. పెథాయ్ లాంటి తుపాను మనకి దక్షిణాన తీరం దాటుతోందనుకోండి. కాకినాడలో గాలి గంటకి 80 కిలోమీటర్లే, మొదటి నుంచి చివరిదాకా మారలేదు అనుకుందాం. తుపాను ఇంకా సముద్రంలో ఉండగా మనకి ఈశాన్య గాలి వీస్తుంది. అది గీత వెంటే ఉంటుంది కాబట్టి రాడార్ దాదాపు 80 చూపిస్తుంది. తుపాను దగ్గరకి వచ్చేకొద్దీ గాలి తూర్పుకి తిరుగుతుంది. అప్పుడు గీత వెంట పడే భాగం 64 మాత్రమే. తుపాను తీరం దాటి నేల మీదకి వెళ్ళాక గాలి ఆగ్నేయానికి తిరుగుతుంది. రాడార్ చూపించేది సున్నా దగ్గర.

తెర మీద 80, తర్వాత 64, తర్వాత సున్నా. చూసేవాళ్ళు "గాలి తగ్గిపోయింది, గండం గడిచింది" అనుకుంటారు. గాలి ఏమీ తగ్గలేదు, దిక్కు మారింది, అంతే. పైగా ఈ ఆగ్నేయ గాలే సముద్రాన్ని ఉప్పాడ ఒడ్డు మీదకి తోసేది. బొమ్మలో చల్లబడినట్టు కనిపించే ఆ గంటలోనే అల రోడ్డెక్కే అవకాశం ఎక్కువ.

దీనికి ఇంకో చిన్న తోక కూడా ఉంది. కొండలు, టవర్లు కదలవు కాబట్టి వాటి వేగం సున్నా. వాటిని బొమ్మలోంచి తీసేయడానికి రాడార్ సున్నా వేగం ఉన్నవాటిని కొంత జల్లెడ పడుతుంది. అడ్డంగా పోయే వాన కూడా సున్నాలాగే కనిపిస్తుంది కాబట్టి, దాని బలం కూడా కొంత ఆ జల్లెడలో పోవచ్చు.

వాతావరణ శాఖ వాళ్ళకి ఇవన్నీ తెలుసు. అందుకే వాళ్ళు ఒక్క రాడార్ బొమ్మ మీద ఆధారపడరు. ఉపగ్రహం, ఓడలు, తీరంలోని గాలిమాపకాలు, బారోమీటర్లు అన్నీ కలిపి చూస్తారు. రాడార్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు ఆ గాలికి అక్కడి రాడారే దెబ్బతిని ఆగిపోయింది.

బొమ్మ చూసేటప్పుడు

వాతావరణ శాఖ సైట్‌లో MAX(Z) అని ఉండేది వాన బొమ్మ. ఆ చోటు మీద అన్ని ఎత్తుల్లోనూ దొరికిన అతి ఎక్కువ బలాన్ని తీసి చూపిస్తుంది. పైన మబ్బులో ఎరుపు ఉండి, కింద అంత వాన లేకపోవచ్చు. PPI(V) అని ఉండేది గాలి బొమ్మ. అది ఒకే ఎత్తు కోణంలో తీసినది, వచ్చే గాలి, పోయే గాలి మాత్రమే చూపిస్తుంది. ముందు బొమ్మ మీది టైము చూడండి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మ చాలాసార్లు రెండు మూడు గంటల పాతది. టైము గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి.

ఒక్క బొమ్మ కాకుండా వరసగా నాలుగైదు చూడండి. వాన కట్ట ఎటు జరుగుతోంది, ఎక్కడ నిలబడిపోయింది అన్నది రంగు కన్నా ఎక్కువ చెబుతుంది. పసుపు రంగే అయినా గంటలకొద్దీ ఒకే మండలం మీద ఉంటే ధాన్యం కప్పాల్సిందే.

గాలి విషయంలో మాత్రం కాకినాడ, ఉప్పాడ వాళ్ళు తెర మీది సున్నాని నమ్మొద్దు. బయట జెండా ఎటు ఎగురుతోందో చూడండి. తుపాను దక్షిణాన దాటుతున్నప్పుడు గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, తూర్పు నుంచి ఆగ్నేయానికి తిరుగుతోందంటే తుపాను పక్కనుంచి పోతోందని అర్థం. ఆగ్నేయ గాలి పూర్తిగా పడిపోయేదాకా, అధికారులు హెచ్చరిక తీసేదాకా పడవ దగ్గరకి, బీచ్ రోడ్డు మీదకి వెళ్ళకపోవడమే మంచిది.